మూత ఒక ఆటది, ముక్కలు ఇంకో ఆటవి: నల్లకుంట నుంచి వచ్చిన డబ్బా కథ

పోయిన ఏప్రిల్‌లో నల్లకుంట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మా ఇంటికి వచ్చారు. చీర కొంగుతో దుమ్ము తుడుచుకుంటూ తెచ్చిన డబ్బాను బల్ల మీద పెట్టి, "అమ్మాయ్, ఇది మా అన్నయ్య ఇంగ్లండ్ నుంచి తెచ్చిన డిటెక్టివ్ ఆట. సెలవులకి మనవలు వస్తున్నారు. పేరు గుర్తు లేదు, కొన్ని ముక్కలు పోయాయి. మళ్లీ ఆడుకునేలా చెయ్యగలవా?" అన్నారు. నేను రామ్‌నగర్‌లో ఇంట్లోనే పాత ఆటల డబ్బాలు సరిచేసే పని చేస్తున్నాను. ఈ కేసు వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఆట పేరు కనుక్కోవడంలో నేను మొదట తప్పుదారి పట్టాను. పోయిన ముక్క తెప్పించడంలో ఇంకో తప్పు చేశాను. ఆ రెండు తప్పులూ ఈ పనిలోకి వచ్చే ఎవరైనా చేసే అవకాశం ఉన్నవే.

మూత మీద బొమ్మ చూడగానే నాకు తెలిసిపోయింది అనుకున్నాను. గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని వేళ్ల కొసలు కలిపి మన వైపే చూస్తుంటాడు. ఆయన వెనక ఒక యువతి నిలబడి ఉంటుంది. సగం చిరిగిపోయినా పోల్చుకోవడం కష్టం కాదు. అది మాస్టర్‌మైండ్ మూత. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఇన్విక్టా ప్లాస్టిక్స్ అనే కంపెనీ 1970లలో అమ్మిన ఆట అది. ఫోటోలోని గడ్డం మనిషి బిల్ వుడ్‌వర్డ్, ఆయన లెస్టర్‌లో హెయిర్ సెలూన్లు నడిపేవాడు. వెనక నిలబడ్డ సిసిలియా ఫంగ్ అప్పట్లో లెస్టర్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థిని. ఇద్దరూ మోడల్స్ కారు. ఆ ఫోటో వల్లే డబ్బా చూసినవాళ్లకి అదేదో గూఢచారి ఆట అనిపిస్తుంది. టీచరమ్మ "డిటెక్టివ్ ఆట" అన్న మాట కూడా నాకు ఆ ఫోటోతోనే సరిపోయినట్టు అనిపించింది. నా మొదటి పొరపాటు అదే. ఆవిడ చెప్పిన మాటను మూతకు అతికించేశాను, మూత తీసి చూడకముందే.

తీసి చూస్తే లోపల మాస్టర్‌మైండ్ బోర్డు లేదు. ఒక ప్లాస్టిక్ సంచిలో చిన్న మేకుల్లాంటి ప్లాస్టిక్ ముక్కలు ఇరవై ఆరు ఉన్నాయి. వాటిలో పదిహేడు రంగురంగుల పెద్దవి, తొమ్మిది నల్లవీ తెల్లవీ సన్నవి. ఇవి మాత్రం మాస్టర్‌మైండ్‌వే. ఆ ఆటలో ఒకరు ఆరు రంగుల్లోంచి నాలుగు పెద్ద మేకులు ఎంచుకుని దాచిపెడతారు, రెండోవాళ్లు ఊహిస్తారు. రంగూ చోటూ రెండూ సరిపోతే నల్ల మేకు, రంగు మాత్రమే సరిపోతే తెల్ల మేకు పెట్టి జవాబిస్తారు. వీటి కింద రబ్బరు బ్యాండు వేసిన ఇరవై కార్డులు, ఐదు ప్లాస్టిక్ పావులు, లూడో ఆటలోని పసుపు గుండు ఒకటి, రెండు పాచికలు ఉన్నాయి. ఒక పాత ఇంజక్షన్ పెట్టెలో దూదిలో చుట్టి ఐదు చిన్న లోహపు వస్తువులు ఉన్నాయి. ఇవి కాక, న్యూస్‌పేపర్‌లో చుట్టిన మడత బోర్డును ఆవిడ విడిగా సంచిలో తెచ్చారు. ఆ బోర్డును మడిచి డబ్బాలో పెట్టబోయాను. పట్టలేదు. అక్కడ ఆగాను. ఆటతో పాటు వచ్చిన డబ్బాలో ఆ ఆట బోర్డు పట్టకపోవడమంటే, మూతకూ లోపలి ముక్కలకూ సంబంధం లేదన్నమాట.

ఇలాంటప్పుడు నేను చేసే పని ఒక్కటే. ముక్కలన్నీ తెల్ల గుడ్డ మీద పరిచి, వేరే ఏ ఆటలోనూ ఉండటానికి వీల్లేని ముక్క ఏదో వెతుకుతాను. పాచిక ఏమీ చెప్పదు. పావు కూడా అంతే, వంద ఆటల్లో అదే ఆకారం ఉంటుంది. కానీ ఇంజక్షన్ పెట్టెలోంచి బయటికి వచ్చినవి చూడండి: ఒక బాకు, ఒక కొవ్వొత్తి స్టాండు, ఒక రివాల్వర్, ఒక తాడు ముడి, ఒక స్పానర్. ఒక్కొక్కటీ బొటనవేలి గోరు కంటే కొంచెం పొడవు. ఇలాంటి ఆయుధాలు వరసగా కనిపించే ఆట క్లూడో. ఆంథొనీ ప్రాట్ అనే ఆయన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రూపొందించాడు. లీడ్స్ నగరంలోని వాడింగ్టన్స్ కంపెనీ 1949లో అమ్మకానికి పెట్టింది. ఒక పెద్ద బంగళాలో హత్య జరుగుతుంది. ఎవరు చేశారు, దేనితో, ఏ గదిలో అన్నది కనిపెట్టాలి. టీచరమ్మ గుర్తుపెట్టుకున్న "డిటెక్టివ్ ఆట" నిజంగా డిటెక్టివ్ ఆటే. నేనే దాన్ని తప్పు మూతకు తగిలించాను.

ఆట పేరు తెలిస్తే సగం పనే అయినట్టు. ముక్కలు తెప్పించాలంటే ఏ దేశపు సెట్టో, ఏ కాలపు సెట్టో కూడా తెలియాలి. క్లూడోలో ఇది తేలిగ్గా తేలుతుంది, ఎందుకంటే అమెరికాలో పార్కర్ బ్రదర్స్ అదే ఆటను క్లూ అనే పేరుతో అమ్మింది, కొన్ని మాటలు మార్చింది. బ్రిటిష్ కార్డు మీద స్పానర్ అని ఉంటే అమెరికన్ కార్డు మీద రెంచ్ అని ఉంటుంది. ఇక్కడ డాగర్, అక్కడ నైఫ్. ఇక్కడ పాదిరిగారు రెవరెండ్ గ్రీన్, అక్కడ మామూలు మిస్టర్ గ్రీన్. మన ఇరవై కార్డుల్లో స్పానర్, డాగర్, రెవరెండ్ గ్రీన్ మూడూ ఉన్నాయి. మిస్ స్కార్లెట్ పేరు చివర రెండు 'టీ'లు ఉన్నాయి. అంటే బ్రిటిష్ సెట్టు. మిసెస్ వైట్ కార్డు కూడా ఉంది. 2016లో, అప్పటికి ఈ ఆట చేతికొచ్చిన హాస్బ్రో కంపెనీ ఆమెను తీసేసి డాక్టర్ ఆర్కిడ్ అనే పాత్రను పెట్టింది కాబట్టి ఇది అంతకు ముందుదే.

కాలం ఇంకాస్త దగ్గరగా తేల్చడానికి నేను అచ్చులో ఉన్నవాటి కంటే లేనివాటిని ఎక్కువ చూస్తాను. టీచరమ్మ సంచి అడుగున నిబంధనల కాగితం మడతపడి దొరికింది. దాని మీద వాడింగ్టన్స్ పేరు ఉంది కానీ హాస్బ్రో పేరు ఎక్కడా లేదు. వాడింగ్టన్స్ ఆటల వ్యాపారాన్ని హాస్బ్రో కొన్నది 1994లో. యూరప్ భద్రతా నిబంధనలకు సరిపోయిందని చెప్పే సీఈ గుర్తు కూడా లేదు. యూరప్‌లో బొమ్మల మీద అది 1990 నుంచి వచ్చింది. చిరునామాలో మాత్రం ఎల్ఎస్ అక్షరాలతో మొదలయ్యే పోస్టుకోడ్ ఉంది. బ్రిటన్‌లో పోస్టుకోడ్లు కొంచెం కొంచెంగా ప్రవేశపెట్టి 1974 నాటికి దేశమంతా పూర్తిచేశారు. అంటే ఇది 1970ల నుంచి 1980ల మధ్యది. "అన్నయ్య తిరిగొచ్చింది ఎప్పుడండీ?" అని అడిగితే, "ఎనభై ఒకటిలో. మా పెద్దబ్బాయి పుట్టిన ఏడే" అన్నారు. కాగితానికీ ఆవిడ జ్ఞాపకానికీ లెక్క కుదిరింది.

మన దేశపు డబ్బాలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది కాబట్టి పక్కకు వెళ్లి ఒక మాట చెప్తాను. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతి డబ్బా. ఊరి పేరు బొంబాయి అని ఉందా, ముంబై అని ఉందా చూస్తే 1995కు ముందో తర్వాతో చాలావరకు తెలుస్తుంది, పాత స్టాకు మూతలు కొన్నాళ్లు వాడుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. బార్‌కోడ్ 890తో మొదలైతే ఆ నంబరు మన దేశంలో రిజిస్టరైన కంపెనీది. ఇక బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి నుంచి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో డబ్బా తిరగేసి చూస్తే ఈ నాలుగు గుర్తులతోనే చాలావాటి వయసు అక్కడే చెప్పేయవచ్చు.

ఇప్పుడు ఏం పోయాయో లెక్క. క్లూడోలో ఆరుగురు మనుషులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు, మొత్తం 21 కార్డులు. మన దగ్గర మనుషులు ఆరుగురూ ఉన్నారు, ఆయుధాల కార్డులూ ఆరు ఉన్నాయి, గదులు ఎనిమిదే. బోర్డు మీది గదుల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ కార్డులు ఆ గదుల మీద పెట్టుకుంటూ పోయాను. బిలియర్డ్ రూమ్ ఖాళీగా మిగిలింది. లోహపు ఆయుధాల్లో సీసపు గొట్టం లేదు. పావుల్లో తెల్లది లేదు, దాని బదులే లూడో గుండు వాడుకున్నారు. గుర్తులు పెట్టుకునే కాగితాల పుస్తకంలో ఒక్క కాగితం మిగిలింది, అది కూడా పెన్సిల్‌తో నిండిపోయి.

పోయినవి మూడే అయినా వాటి బరువు ఒకటి కాదు. తెల్ల పావు పోతే ఆటకు ఏ నష్టమూ లేదు. బోర్డు మీద మిసెస్ వైట్ ఎక్కడుందో చూపించడమే దాని పని. గొట్టం పోయినా అంతే. కార్డు పోవడం మాత్రం వేరు. ఆట మొదట్లో ఒక మనిషి, ఒక ఆయుధం, ఒక గది కార్డులు ఎవరూ చూడకుండా కవరులో పెడతారు. మిగతా 18 పంచుతారు. ఎవరైనా ఒక అనుమానం చెప్తే, అందులో ఏదైనా కార్డు తన చేతిలో ఉన్నవాళ్లు దాన్ని చూపించి కాదని చెప్పాలి. ఎవరూ చూపించలేని కార్డే కవరులో ఉన్నట్టు. బిలియర్డ్ రూమ్ కార్డే లేనప్పుడు దాన్ని ఎవరూ ఎప్పటికీ చూపించలేరు. కవరులో నిజంగా ఉన్నది కిచెన్ అనుకుందాం. అప్పుడు ఎవరూ చూపించని గదులు రెండు తేలతాయి, కిచెన్, బిలియర్డ్ రూమ్. ఎంత బాగా ఆడినా చివరికి రెండింట్లో ఒకటి గుడ్డిగా చెప్పాల్సిందే.

నేనిది వివరిస్తుంటే టీచరమ్మ ముఖం మారింది. "అదీ సంగతి! చివర్లో గది దగ్గర ఎప్పుడూ తగాదా వచ్చేది. పిల్లలిద్దరూ నేనూ ఆడేవాళ్లం. ఒకరికి ఎప్పుడూ ఒక కార్డు తక్కువ పడేది." ఈ చివరి మాట నాకు చాలా విలువైన సాక్ష్యం. ముగ్గురు ఆడితే 18 కార్డులు తలా ఆరు సరిగ్గా పంచుకోవచ్చు. ఒకరికి తక్కువ పడిందంటే పంచినవి 17. అంటే ఈ కార్డు ఇప్పుడు ఇల్లు సర్దుతుంటే పోయింది కాదు, పిల్లలు చిన్నప్పుడే పోయింది. కాబట్టి ఇంట్లో మళ్లీ వెతకమని ఆవిడకు శ్రమ ఇవ్వలేదు. నలుగురు ఆడి ఉంటే ఈ సాక్ష్యం దొరికేది కాదు, ఎందుకంటే నలుగురికి 18 కూడా సమానంగా రావు. అందుకే ముక్కలు పోయిన ఆట వస్తే, ఎంతమంది ఆడేవాళ్లు, ఎక్కడ పేచీ వచ్చేది అని అడగడం నేను మానను.

ఖర్చు లేకుండా అప్పటికప్పుడు ఆడుకోవడానికి ఒక దారి ఉంది. పోయిన గది ఏదో తెలుసు కాబట్టి, ఆ గదిలో హత్య జరగలేదని ముందే అందరికీ చెప్పేసి, కాగితాల్లో దాన్ని కొట్టేసి ఎనిమిది గదులతో ఆడవచ్చు. బోర్డు మీద ఆ గదిలోకి వెళ్లడం, దాటడం మామూలే, అక్కడ అనుమానం చెప్పడం మాత్రం ఉండదు. ఆట తెగదు. ఆవిడకు చెప్పాను. "ఆడొచ్చు సరే, కానీ అన్నయ్య తెచ్చినది పూర్తిగా ఉండాలని నా కోరిక" అన్నారు. అన్నయ్య ఇప్పుడు లేరు. ఇక దాని గురించి మాట్లాడలేదు, కార్డు వెతకడం మొదలుపెట్టాను.

ఇక్కడే నా రెండో తప్పు. బోర్డ్‌గేమ్‌గీక్ సైట్‌లో ఆటగాళ్లు పెట్టిన ఫోటోల్లో మన సెట్టుతో సరిపోయే కార్డుల ముఖాలు దొరికాయి. ఆ ఫోటోలు పక్కన పెట్టుకుని ఆన్‌లైన్‌లో వెతికితే ఒక అమ్మకందారు దగ్గర సగం సెట్టు కనిపించింది. కార్డుల ముఖాలు పరిచి తీసిన ఫోటో ఉంది, బిలియర్డ్ రూమ్ ఉంది. బొమ్మ మన బోర్డు మీది శైలిలోనే ఉంది. 1,150 రూపాయలు కట్టి తెప్పించాను. పన్నెండు రోజులకు వచ్చింది. ముఖం బాగానే ఉంది. తిప్పి చూస్తే వెనక రంగు వేరు, డిజైన్ వేరు. పైగా వెడల్పు మన కార్డు కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. అదే కంపెనీ, అదే ఆట, కానీ వేరే ముద్రణ. క్లూడో కార్డుకు ముఖం కంటే వీపు ముఖ్యం. ముఖం మీద ఏ బొమ్మ ఉన్నా పేరు చదవగలిగితే చాలు. వీపు తేడాగా ఉంటే మాత్రం, కవరులోకి వెళ్లిందా, ఎవరి చేతిలో ఉంది అన్నది బల్ల చుట్టూ అందరికీ కనబడిపోతుంది. వీపు ఫోటో అడగకుండా కొనడం పూర్తిగా నా తప్పు, అమ్మినవారిది కాదు. ఆ డబ్బు నేనే భరించాను. అప్పటి నుంచి కార్డు ఏది కొన్నా మూడు అడుగుతున్నాను: ముఖం, వీపు, పక్కన స్టీలు స్కేలు పెట్టి తీసిన ఫోటో.

మనవలు రావడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉంది. అసలు కార్డు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకని పని రెండుగా విడగొట్టాను, ఇప్పటికి ఆడుకునే ఏర్పాటు ఒకటి, తర్వాత అసలు కార్డు. పోకెమాన్ కార్డులు పోగేసే పిల్లలు వాడే ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి, ముందు వైపు పారదర్శకం, వెనక వైపు నల్లగా ఏమీ కనబడకుండా. 21 కార్డులకూ అవే వేస్తే వీపుల గొడవే ఉండదు. మన కార్డుల కొలత స్కేలు మీద తీసుకుని, పొడవూ వెడల్పూ రెండు మూడు మిల్లీమీటర్లు మించిన తొడుగులు తీసుకున్నాను. అంతకంటే వదులైతే కార్డు లోపల జారి చప్పుడు చేస్తుంది, కలపడం కష్టమవుతుంది.

తొడుగు వేసినా చేతికి తేడా తెలిసే ప్రమాదం ఇంకొకటి ఉంది, మందం. మామూలు జెరాక్స్ కాగితం మీద బిలియర్డ్ రూమ్ అని రాసి తొడుగులో పెడితే అది మెత్తగా వంగుతుంది, కళ్లు మూసుకుని కూడా పట్టేయవచ్చు. వెర్నియర్‌తో కొలిస్తే పాత కార్డు మందం 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. ఛత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్‌కి వెళ్లి, అట్టల నమూనాల్లోంచి అదే మందం వచ్చేది వేళ్లతో, తర్వాత వెర్నియర్‌తో చూసి ఎంచుకున్నాను. ప్రెస్ ఆయన "ఒక్క కార్డుకా మేడమ్, ఇంత కొలతలు?" అని అడిగారు. సంగతి చెప్పగానే కోసే మిషను మీద ఆయనే సరిగ్గా కోసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. దాని మీద గది పేరు మాత్రం వేయించాను. బొమ్మ కాపీ చేయలేదు. కంపెనీ బొమ్మలతో పూర్తి సెట్లు అచ్చు వేయించే పని నేను ఎవరికీ చేసిపెట్టను.

తొడుగులు వేశాక ఒక కొత్త చిక్కు వచ్చింది. కార్డులు పెద్దవై, పాత హత్య కవరులో మూడూ పట్టలేదు. బలవంతంగా తోస్తే కవరు పక్క కుట్టు చిరిగిపోయేలా ఉంది. పాత కవరును అలాగే దాచమని ఆవిడకు ఇచ్చి, చదివింపులకు వాడే చిన్న దళసరి కవరు ఒకటి పెట్టాను. ఒక ముక్క కొలత మారిస్తే దాన్ని పెట్టుకునే ప్రతిదీ మళ్లీ చూసుకోవాలి, డబ్బా అరలతో సహా.

సీసపు గొట్టం సంగతి కొంచెం జాగ్రత్తగా చేశాను. పేరుకు తగ్గట్టు పాత సెట్లలో ఈ ముక్క నిజంగా సీసంతోనే వచ్చేదని పాత ఆటలు పోగేసేవాళ్లు చెప్తారు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే సైజు అది. కాబట్టి అసలుది దొరికినా ఈ ఇంటికి నేను ఇచ్చేదాన్ని కాదు, ఆవిడ చిన్న మనవడికి నాలుగేళ్లు. మిగతా ఐదింటిని కూడా తెల్ల కాగితం మీద గట్టిగా రుద్ది చూశాను. సీసమైతే పెన్సిల్ గీతలా బూడిదరంగు గీత పడుతుంది. పడలేదు. అయినా ఇది చేతి పరీక్షే, ల్యాబు పరీక్ష కాదు, పైన పూత ఉంటే గీత పడకపోవచ్చు. అందుకే చిన్నవాడి చేతికి ఈ పెట్టె ఇవ్వొద్దని, ఆడాక చేతులు కడుక్కోమని చెప్పాను. గొట్టానికి ట్రూప్ బజార్‌లోని ఎలక్ట్రికల్ షాపులో దళసరి అల్యూమినియం తీగ ముక్క అడిగి తెచ్చాను. గొట్టం కార్డు మన దగ్గర ఉంది కాబట్టి దాని మీది బొమ్మ పక్కన పెట్టుకుని, స్పానర్ అంత పొడవు కోసి, కొసలు ఆకురాయితో నున్నగా చేసి, బొమ్మలో ఉన్న వంపే ఇచ్చాను. పోయిన ముక్క ఆకారం ఆ సెట్టులోనే ఎక్కడో ఒకచోట అచ్చై ఉంటుంది, కార్డు మీదో, నిబంధనల కాగితం మీదో. ముందు అక్కడ చూడాలి.

తెల్ల పావు బేగంబజార్‌లో దొరికింది, పిల్లల ఆట సెట్లు టోకుగా అమ్మే చోట. మిగతా ఐదింటి ఎత్తుతో సరిపోయేది వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అంతే. బోర్డు మడత దగ్గర విడిపోతుంటే పుస్తకాల బైండింగ్‌కి వాడే గుడ్డ పట్టీ వెనక వైపు అంటించాను. సెల్లోటేపు వాడకండి, రెండేళ్లకు పసుపెక్కి జిగురు బయటికి వస్తుంది. పెన్సిల్‌తో నిండిన ఆఖరి కాగితాన్ని మెత్తటి రబ్బరుతో తుడిచి, ఒక ఏ4 కాగితం మీద నాలుగు వచ్చేలా జెరాక్స్ తీయించాను.

మనవలు వచ్చేసరికి డబ్బా సిద్ధమైంది. ఈలోపు అసలు కార్డు కోసం వెతుకుతూనే ఉన్నాను. మన దగ్గర అమ్మకానికి పెట్టేవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో మాత్రం పాత సెట్లను విప్పి ముక్కలుగా అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లు వాడే మాట స్పేర్స్. ఆ మాట లేకుండా వెతికితే పూర్తి సెట్లే వస్తాయి. నేను టైప్ చేసింది ఇది:

```
cluedo waddingtons spares cards
```

దొరికిన నాలుగైదింటిలో ఒకరు వీపు ఫోటో, స్కేలుతో సహా పంపారు. రంగు, డిజైన్, కొలత మూడూ సరిపోయాయి. విడిగా ఒక కార్డు ఇవ్వరు, గదుల కార్డులు తొమ్మిదీ కలిపి ఇస్తామన్నారు. కార్డుల కంటే మన దేశానికి పంపే ఖర్చే ఎక్కువైంది. టీచరమ్మ అన్నగారి అబ్బాయి మాంచెస్టర్‌లో ఉంటాడు. అతని చిరునామాకు తెప్పిస్తే ఆగస్టులో వచ్చినప్పుడు పర్సులో పెట్టుకుని తెచ్చాడు.

అసలు కార్డు వచ్చాక ఆవిడ తొడుగులు తీసేయాలనుకున్నారు. నేను ఒక పరీక్ష చేసి చూపించాను. 21 కార్డులూ తొడుగులు లేకుండా బోర్లా పరిచి, ట్యూబ్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి, ఏమీ తెలియని పక్కింటి అబ్బాయిని పిలిచి "వీటిలో తేడాగా ఉన్నది ఏది బాబూ?" అని అడిగాను. ఐదుసార్లు కలిపి పరిస్తే నాలుగుసార్లు బిలియర్డ్ రూమ్ మీదే వేలు పెట్టాడు. అదే ముద్రణ అయినా మన కార్డులు నలభై ఏళ్లు హైదరాబాద్ ఎండలో, చెమట చేతుల్లో తిరిగినవి, మూలలు గుండ్రమయ్యాయి. ఇంగ్లండ్ కార్డు మూలలు పదునుగా ఉన్నాయి. కావాలని అరగదీస్తే ఆ కార్డు పాడవడం తప్ప మిగతావాటితో కలవదు. ఇంకో దారి ఉంది, వచ్చిన తొమ్మిది గదులూ వాడేసి పాత ఎనిమిదీ దాచేయడం. అప్పుడు గదులన్నీ పదునుగా, మనుషులూ ఆయుధాలూ అరిగిపోయి, ఎవరి చేతిలో ఎన్ని గదులున్నాయో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. కాబట్టి తొడుగులే ఉంచాం. అట్టముక్క తీసి ఆ చోట అసలు బిలియర్డ్ రూమ్ పెట్టాను. మిగిలిన ఎనిమిది గదుల కార్డులు విడిగా కవరులో వేసి, మీద పేరు రాసి బోర్డు వెనక పెట్టాను, మళ్లీ ఏదైనా పోతే అక్కడే దొరుకుతుంది.

బోర్డు పట్టే కొత్త అట్టపెట్టె ఒకటి చేయించి క్లూడో అందులో సర్దాం. ఇక మిగిలింది గడ్డం పెద్దమనిషి మూత, ఇరవై ఆరు మేకులు. ఇవి ఎలా కలిశాయని అడిగితే ఆవిడ ఆలోచించి, బర్కత్‌పురా నుంచి ఇల్లు మారినప్పుడు రెండు ఆటలూ ఒకే డబ్బాలో వేసి ఉంటామన్నారు. అంటే మాస్టర్‌మైండ్ బోర్డు కూడా ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండేది. పొడుగాటి ప్లాస్టిక్ పలక, వరసకు నాలుగు పెద్ద రంధ్రాలు, వాటి పక్కన నాలుగు సన్న రంధ్రాలు, ఒక కొసన రహస్యం దాచే చిన్న కప్పు ఉంటుందని కాగితం మీద గీసి ఇచ్చాను. అలాంటి పలకను ఇంట్లో వాళ్లు ఆట వస్తువు అనుకోకపోవచ్చు, పెన్నుల స్టాండు అనో, కుట్టుమిషను సామాను అనో ఎక్కడో పెట్టి ఉంటారు. పోయిన వారం ఆవిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, నువ్వు గీసిచ్చినది అటక మీద పాత ఉషా మిషను పెట్టెలో ఉంది. రంధ్రాల్లో ఇంకా పదకొండు మేకులు ఇరుక్కుని ఉన్నాయి. లాగనా వద్దా?" లాగొద్దు, అలాగే తెండి అన్నాను. పాత ప్లాస్టిక్ మేకును గట్టిగా లాగితే తల ఊడి కాడ రంధ్రంలోనే ఉండిపోతుంది. ఆదివారం తెస్తున్నారు.